అప్‌డేట్ తర్వాత ఓటీపీ వేసినా మళ్లీ లాగిన్ పేజీకే వస్తోంది, రీఇన్‌స్టాల్ చేస్తే అసలు తెరుచుకోవడమే లేదు

నాచారం రవి
మెడికల్ రెప్‌ని. మా ఫీల్డ్ రిపోర్టింగ్ యాప్ రాత్రి దానంతట అదే అప్‌డేట్ అయింది. పొద్దున నంబర్ కొట్టి ఓటీపీ వేస్తే హోమ్ పేజీ అలా మెరిసి మళ్లీ లాగిన్‌కే తోసేస్తోంది. Clear cache నొక్కాను, ఏమీ మారలేదు. యాప్ తీసేసి ప్లే స్టోర్ నుంచి మళ్లీ వేశాను. ఇప్పుడు ఆ లాగిన్ పేజీ కూడా లేదు, ఐకాన్ ముట్టుకుంటే చాలు మూసుకుపోతోంది. ఫోన్ ఆండ్రాయిడ్ 13. ఇంకో సంగతి, నిన్న సిగ్నల్ లేని చోట రాసుకున్న విజిట్లు సర్వర్‌కి వెళ్లలేదు. అవి పోయినట్టేనా? సాయంత్రంలోగా ఉప్పల్ రిపోర్టు పంపకపోతే మేనేజర్ ఊరుకోడు.

మల్లేశ్ సెల్ పాయింట్
ఇందులో టెన్షన్ పడేదేం లేదు తమ్ముడూ. ఫోన్ ఆఫ్ చేసి వాల్యూమ్ అప్, పవర్ కలిపి పట్టుకో. నల్ల స్క్రీన్ వస్తుంది. అందులో wipe cache partition కొట్టి రీబూట్ చేసెయ్. పదిహేనేళ్లుగా షాపు నడుపుతున్నా, అప్‌డేట్ అయ్యాక వచ్చే తలనొప్పులన్నిటికీ నా దగ్గర ఇదే మందు.

సుజాత, దిల్‌సుఖ్‌నగర్
షాపుల వాళ్ల మాట వినకండి రవి గారూ. చాట్ యాప్ ఆగిపోతోందని ఆబిడ్స్‌లో ఒక షాపులో ఇస్తే, ఆ అబ్బాయి నన్ను అడగకుండానే Clear storage నొక్కేశాడు. బ్యాకప్ ఆన్‌లో లేదు. మా నాన్నగారి వాయిస్ మెసేజ్‌లన్నీ పోయాయి. పైగా సర్వీస్ చార్జీ తీసుకున్నాడు.

మల్లేశ్ సెల్ పాయింట్
అమ్మా, ఎవరో చేసిన దానికి నన్నెందుకు అంటారు? నేను చెప్పింది partition గురించి. దాంతో మీ ఫోటో ఒక్కటీ పోదు.

టెస్టర్ కిరణ్
ఫోటో పోదు, నిజమే. కానీ రవి గారి సమస్యా పోదు. ఆ partition ఫోన్ సిస్టమ్ తన అప్‌డేట్ల కోసం వాడుకునేది. యాప్ క్యాచీ అక్కడ ఉండదు, ఆ యాప్ సొంత ఫోల్డర్‌లోనే ఉంటుంది. కొత్త ఫోన్లు చాలావాటిలో ఆ ఆప్షనే కనిపించదు. మాదాపూర్‌లో తొమ్మిదేళ్లుగా యాప్ టెస్టింగే నా పని. ఇలాంటి బగ్గులు రాసీ రాసీ వేళ్లు అరిగిపోయాయి.

మల్లేశ్ సెల్ పాయింట్
ఏసీ గదిలో కూర్చుని బగ్గులు రాయడం వేరు, కస్టమర్ ఎదురుగా నిలబడితే ఫోన్ బాగుచేయడం వేరు. పోయిన వారమే ఒకామె ఫోన్‌కి ఇదే చేశా, బాగై వెళ్లింది.

టెస్టర్ కిరణ్
రీబూట్ అయినందుకు బాగైంది అన్నా. మీరు partition వదిలేసి ఊరికే ఆఫ్ చేసి ఆన్ చేసినా అంతే జరిగేది.

ఎల్బీనగర్ శీను
మీ గొడవ తర్వాత చూసుకోండి. ఇది ఖాయంగా యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే Android System WebView పనే. 2021 మార్చిలో దాని అప్‌డేట్ చెడిపోయి ఇలాగే జరిగింది గుర్తుందా? జీమెయిల్‌తో సహా ఏది తెరిచినా మూసుకుపోయేది. సెట్టింగ్స్‌లో ఆ WebView తెరిచి Uninstall updates కొడితే దారికొచ్చేది. రవి భాయ్, అదే చెయ్.

టెస్టర్ కిరణ్
శీను గారూ, అప్పుడు జరిగింది నిజమే. కానీ అది వచ్చినప్పుడు ఒక్క యాప్‌తో ఆగలేదు కదా. రవి గారూ, వేరే యాప్‌లు బాగానే తెరుచుకుంటున్నాయా?

నాచారం రవి
అన్నీ బాగానే ఉన్నాయి. ఇదొక్కటే.

టోలీచౌకి ఫరూఖ్
ఐఫోన్‌లో Clear cache ఎక్కడుంది భాయ్? నాకూ ఒక యాప్ లాగిన్ దగ్గర ఇలాగే గిరగిరా తిరుగుతోంది. Offload App కొట్టి మళ్లీ వేశా, ఏం లాభం లేదు.

టెస్టర్ కిరణ్
రవి గారూ, WebView జోలికి పోకండి. మీ దగ్గర రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి.

మొదటిది పొద్దున జరిగింది. ఓటీపీ సరిపోగానే సర్వర్ గుర్తింపు చీటీలాంటి టోకెన్ ఒకటి ఇస్తుంది, యాప్ దాన్ని దాచుకుంటుంది. హోమ్ పేజీ తెరుచుకుంటూనే ఆ టోకెన్ కోసం చూస్తుంది. అది చదవడానికి రాకపోతే 'వీళ్లు లాగిన్ కాలేదు' అనుకుని వెనక్కి పంపేస్తుంది. మీకు మెరిసిన హోమ్ పేజీ అదే. పాత వెర్షన్ రాసిన ఫైళ్లతో కొత్త వెర్షన్‌కి పొసగనప్పుడు ఇలా అవుతుంది. ఆ ఫైళ్లుండేది యాప్ డేటాలో, క్యాచీలో కాదు. అందుకే మీరు Clear cache నొక్కినా దానికి చీమ కుట్టినట్టయినా లేదు.

రెండోది రీఇన్‌స్టాల్ తర్వాతి క్రాష్. యాప్ తీసేస్తే అంతా పోయిందనుకుంటాం. ఆండ్రాయిడ్ 6 నుంచి యాప్ డేటా 25 ఎంబీ దాకా మీ గూగుల్ అకౌంట్‌కి బ్యాకప్ అవుతుంది, యాప్ తయారుచేసినవాళ్లు వద్దని పెట్టకపోతే. మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు, మీరు ఐకాన్ ముట్టుకోకముందే, ఆ పాత ఫైళ్లు తిరిగొచ్చి కూర్చుంటాయి. పైగా ఇలాంటి యాప్‌లు టోకెన్‌ని తాళం వేసి దాస్తాయి. తాళంచెవి ఫోన్‌లోనే ఉంటుంది, బ్యాకప్‌లోకి వెళ్లదు, యాప్ తీసేసిన రోజే పోతుంది. మీకిప్పుడు పెట్టె వచ్చింది, చెవి లేదు. దాన్ని తెరవబోయి యాప్ కుప్పకూలుతోంది. నా అంచనా ఇది.

మల్లేశ్ సెల్ పాయింట్
అంచనా అంట! ఇంత సేపూ ఉపన్యాసం ఇచ్చి.

టెస్టర్ కిరణ్
తేల్చుకోవడం తేలికే. యాప్ తీసేసి మళ్లీ వేయండి, Open మాత్రం నొక్కొద్దు. ప్లే స్టోర్ నుంచి బయటికొచ్చి Settings, Apps, ఆ యాప్, Storage & cache చూడండి. ఇంకా తెరవని యాప్‌కి User data సున్నా గానీ కొద్ది కేబీలు గానీ ఉండాలి. ఎంబీల్లో కనిపిస్తే బ్యాకప్ దిగినట్టే. అక్కడే Clear storage నొక్కి, తర్వాత తెరవండి. ఇన్‌స్టాల్ అప్పుడే బ్యాకప్ దిగుతుంది గానీ Clear storage కొట్టాక మళ్లీ రాదు.

కూకట్‌పల్లి లత
అంత దూరం ఎందుకండీ, గూగుల్ బ్యాకప్ ఆఫ్ చేసేసి ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది కదా. నేను అలాగే చేశాను, పని అయింది.

టెస్టర్ కిరణ్
పని అవుతుంది లత గారూ, కానీ బ్యాకప్ ఆఫ్ చేస్తే సర్వర్‌లో ఉన్న ఫోన్ బ్యాకప్ కూడా చెరిగిపోవచ్చు. ఒక్క యాప్ కోసం అంత అవసరమా?

కూకట్‌పల్లి లత
నాకేం పోలేదు మరి.

సుజాత, దిల్‌సుఖ్‌నగర్
ఆగండాగండి. Clear storage అంటున్నారు, ఆయన పంపని విజిట్లు ఉన్నాయని మొదటి పోస్టులోనే రాశారు. అది ఎవరూ పట్టించుకోలేదు. మళ్లీ ఒకళ్ల డేటా పోగొడతారా?

టెస్టర్ కిరణ్
మంచి మాట. రవి గారూ, యాప్ తీసేసినప్పుడే ఫోన్‌లోని అసలు కాపీ పోయింది. మిగిలే అవకాశమల్లా బ్యాకప్‌లోనే. అది రోజుకోసారి, ఫోన్ ఖాళీగా వైఫైలో ఉన్నప్పుడు అవుతుంది. రాత్రి చార్జింగ్‌లో పెట్టి పడుకుంటే నిన్నటి విజిట్లు అందులో ఉండి ఉండవచ్చు. కానీ రూట్ చేయని ఫోన్‌లో ఆ ఫైల్‌ని మీరు గానీ నేను గానీ తెరవలేం. యాప్ తయారుచేసినవాళ్లు ఈ క్రాష్ సరిచేసి కొత్త వెర్షన్ వదిలితేనే అవి కళ్లబడతాయి. కాబట్టి విజిట్లు కావాలంటే Clear storage నొక్కకుండా మీ ఐటీ వాళ్లని అడిగి ఆగండి. ఇవాళ్టి పని జరగాలంటే వాటిని వదులుకోండి. రెండూ కుదరవు.

బోయిన్‌పల్లి పద్మారావు
ఇదే సందర్భంలో ఒక మాట. పేమెంట్ యాప్ కూడా ఇలాగే తీసేసి వేస్తే సిమ్ నుంచి మళ్లీ ఎస్సెమ్మెస్ వెళ్లాలి. మా అమ్మ ఫోన్‌లో బ్యాంక్ నంబరున్న సిమ్‌కి రీచార్జ్ అయిపోయింది. మెసేజ్ పోదు, యాప్ రిజిస్టర్ కాదు, కూరగాయల బండి దగ్గర నిలబడ్డాం. తీసేసే ముందు సిమ్ చూసుకోండి.

ఎల్బీనగర్ శీను
కూరగాయలకి నోట్లు ఇవ్వొచ్చు కదా సార్.

బోయిన్‌పల్లి పద్మారావు
చిల్లర ఎవరిస్తారండీ ఈ రోజుల్లో? వందకి కూడా వాడు స్కానర్ చూపిస్తాడు.

నాచారం రవి
కిరణ్ గారూ, విజిట్లు నా డైరీలో పొట్టిగా రాసుకుని ఉన్నాయి, వదులుకున్నాను. తీసేసి మళ్లీ వేసి, తెరవకుండా చూశాను. User data 11.4 ఎంబీ! అప్పుడే దిగిన యాప్‌కి. Clear storage నొక్కాక సున్నాకొచ్చింది. తెరిస్తే లాగిన్ పేజీ వచ్చింది, ఓటీపీ వేశాను, హోమ్ పేజీ నిలబడింది. పాత విజిట్లు మాత్రం లేవు. డైరీ చూసి ఎక్కిస్తున్నాను. మా టీమ్‌లో ఇంకొకతనికి కూడా ఇలాగే చేయించాను, అతనికి మాత్రం ఇంకా లాగిన్‌కే తిరుగుతోంది.

టెస్టర్ కిరణ్
క్రాషా, లూపా? అతని ఫోన్‌లో తేదీ, టైమ్ ఆటోమేటిక్‌లో ఉన్నాయా? టైమ్ తేడాగా ఉంటే కొత్త టోకెన్ కూడా గడువు తీరినట్టే కనిపిస్తుంది. క్యాచీ, డేటా ఏది చెరిపినా అది మారదు.

నాచారం రవి
లూపే. టైమ్ సరిగానే ఉందంటున్నాడు. ఆ యాప్ అతని ఫోన్‌లో రెండు ఐకాన్లుగా ఉంది, డ్యూయల్ యాప్ అట.

మల్లేశ్ సెల్ పాయింట్
రెండూ తీసేయమను! డ్యూయల్ యాప్‌లతో నా షాపుకి రోజూ వస్తారు. ఒకటి తీసేసి ఇంకోటి ఉంచేసి, పోయిందనుకుంటారు. ఇందులో మాత్రం నాకు పాఠం చెప్పకు కిరణూ.

టెస్టర్ కిరణ్
చెప్పను. రెండోదానికి డేటా వేరేగా ఉంటుంది కాబట్టి రెండూ తీసి ఒక్కటే వేయడం మంచిదే. దానితోనే లూప్ ఆగుతుందని మాత్రం మాటివ్వలేను.

టోలీచౌకి ఫరూఖ్
నా ఐఫోన్ సంగతి ఎవరూ చెప్పలేదు.

టెస్టర్ కిరణ్
ఫరూఖ్ భాయ్, Offload App యాప్‌ని తీసి డేటాని ఉంచుతుంది. మీ రోగం ఉన్నదే డేటాలో. Delete App చేయాలి. అయినా లాగిన్ వివరాల్ని ఆ యాప్, ఐఫోన్ పాస్‌వర్డులు దాచే కీచెయిన్‌లో పెట్టి ఉంటే డిలీట్ చేసినా అక్కడే ఉండిపోతాయి. అందుకని యాప్‌లో ఎక్కడైనా లాగౌట్ బటన్ దొరికితే ముందు అది నొక్కి తర్వాత తీసేయండి.

టోలీచౌకి ఫరూఖ్
లాగిన్ అయితే కదా భాయ్, లాగౌట్ బటన్ కనిపించేది?

మల్లేశ్ సెల్ పాయింట్
చెప్పు కిరణూ, చెప్పు.