రేకుల కింద ఫాయిల్ మీద దుమ్ము పడితే ఇంత వేడొస్తదా?

బోధన్_కిరాణం: అన్నలూ, మాది రేకుల షెడ్డు, పక్కనే రైస్ మిల్లు. మూడేండ్ల కింద పీవీసీ సీలింగ్ మీద బబుల్ ఫాయిల్ పరిపిచ్చిన, మెరిసే దిక్కు పైకి, కింది దిక్కు తెల్ల ప్లాస్టిక్. మొదటి ఎండాకాలం మంచిగుండె, ఈసారి మళ్ల పొయ్యి లెక్కనే ఉంది. ఫాయిల్ మీద దుమ్ము పడితే ఇంత తేడా వస్తదా?

షెడ్డు_మేస్త్రి: దుమ్ము అనేది సాకు తమ్ముడూ. ఫాయిల్ అంటే అద్దం, ఎండని పైకి తిప్పికొడద్ది, అందుకే మెరుపు పైకే వేస్తాం. కాస్త తవుడు పడినంత మాత్రాన అద్దం పనిచేయడం మానేస్తదా? నీ రేకులు నల్లబడి ఎండ ఎక్కువ లాగుతున్నాయి, పైన తెల్ల కోటింగ్ కొట్టించు.

గోదారిగట్టు: థర్మాకోల్ వేస్కో బ్రో, గొడవుండదు.

వేడి_లెక్క: కోటింగ్ మాట నిజమే, పాత రేకుకి అది మంచిదే. కానీ మేస్త్రి గారూ, సీలింగ్ పైన చీకటే కదండీ, అక్కడ ఎండెక్కడుంది? ఎండ రేకు దగ్గరే ఆగిపోయింది, రేకు 65 డిగ్రీలకి కాగి కంటికి కనపడని సెగ కిందకి కొడుతోంది, బొగ్గుల పొయ్యి పక్కన నించుంటే మొహానికి తగిలేది అదే. వేడి గాలి పైనే ఉండిపోతుంది కాబట్టి కిందకి దిగే వేడిలో ఎక్కువ భాగం ఈ సెగే. శుభ్రమైన అల్యూమినియం అందులో నూటికి అయిదు పాళ్లు కూడా పీల్చదు, తవుడు దుమ్ము మాత్రం తొంభై దాకా పీల్చేస్తుంది. పొర మనకి పల్చగా కనపడొచ్చు, ఆ సెగకి మాత్రం నల్ల రంగు వేసినట్టే. దుమ్ము కాగి ఫాయిల్‌ని కాచి, ఫాయిల్ దానికి అంటుకున్న సీలింగ్‌ని కాస్తుంది.

లెక్క చెప్తా. రేకు 65, సీలింగ్ 35 అనుకుంటే మామూలు సీలింగ్ మీదకి చదరపు మీటరుకి దాదాపు 190 వాట్లు దిగుతాయి, శుభ్రమైన ఫాయిల్ ఉంటే ఓ పది. సగం దాకా దుమ్ము కమ్మేస్తే మళ్లీ వంద. 10 అడుగుల గదికి మొదటిది 1700 వాట్లు, నీళ్లు కాచుకునే రాడ్ నెత్తి మీద పెట్టుకున్నట్టే.

గన్_చేతిలో: నేను మా ఇంట్లో లేజర్ థర్మామీటర్‌తో కొట్టి చూశా, రేకుల్ని మోసే పర్లిన్ల కింద కట్టిన ఫాయిల్ 34 చూపించింది, పైన ఎంత దుమ్మున్నా బానే ఉంది.

వేడి_లెక్క: మెరిసే ఫాయిల్ మీద ఆ గన్ మీ నేల వేడినే చూపిస్తుంది, అద్దంలో మీ మొహం కనపడ్డట్టు. నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి, పది నిమిషాలాగి దాని మీద కొట్టండి.

షెడ్డు_మేస్త్రి: లెక్కలు కాయితం మీద బావుంటాయి. 18 ఏళ్ల నుంచి షెడ్లేస్తున్నా, నాకు చెప్పొచ్చావా. ఒకాయన షెడ్డుకి మెరుపు కిందకే వేశా, అదీ పర్లిన్ల కింద, గాలాడేలా. ఉల్టా వేశావని నలుగురిలో తిట్టి, మొత్తం పీకించి 4000 కోసేశాడు. ఆ రోజునించి పైకే వేస్తున్నా, ఎవడూ అడగట్లేదు!

వేడి_లెక్క: అంటే కిందకి వేసినా పనిచేస్తదని మీకు ముందే తెలుసు. మీరు తప్పు పని చేయలేదండీ, ఆయనే అన్యాయం చేశాడు. మెరిసే అల్యూమినియం సెగ పీల్చదు, తను కాగినా సెగ వదలదు కూడా, కిందకి తిప్పినా రక్షణ అదే. పైగా కింది మొహం మీద దుమ్ము కూర్చోదు. దాని కింద అంగుళమైనా ఖాళీ ఉండాలి అంతే. కిరాణం తమ్ముడికి ఆ ఖాళీ లేదు, కింద మెరుపూ లేదు, ఉన్న ఒక్క మొహం మీదా తవుడు కూర్చుంది. కానీ ఈ ముక్క డబ్బులు తీసుకునే ముందు చెప్పాలి కదా?

షెడ్డు_మేస్త్రి: చెప్తే వినే పార్టీ ఉండాలిగా.

బోధన్_కిరాణం: కొట్లాడకుర్రి అన్నా. నిన్న ఒక ప్యానెల్ తీసి రెండడుగుల జాగ మెత్తటి పొడి బట్టతోని తుడిచిన, మళ్ల పెట్టేసిన. ఇయ్యాల మధ్యాహ్నం రెండు గంటలకి గన్ తెచ్చి కింద ప్లాస్టిక్ మీద కొడితే తుడిచిన కాడ 37, పక్కన 43.

గన్_చేతిలో: నేనూ టేప్ వేశా. 41 వచ్చింది.

వేడి_లెక్క: తమ్ముడూ, మొత్తం తుడిచినా మిల్లు పక్కన మళ్లీ పడుతుంది. పర్లిన్ల కింద కొత్తది మెరుపు కిందకి కట్టించు, పాతది అలాగే వదిలేయ్.

బోధన్_కిరాణం: మరి చూరు కాడ సందులు మూసేయాల్నా? తవుడు అక్కడికెళ్లే వస్తది.

షెడ్డు_మేస్త్రి: మూయకు. వేడి గాలి పోయే దారదే.

వేడి_లెక్క: నేనైతే దోమల జాలీ కొడతా.

షెడ్డు_మేస్త్రి: జాలీ నెలకే తవుడుతో పూడుకుపోద్ది, మిల్లు పక్కన ఎప్పుడైనా పనిచేశావా?