పెద్ద ర్యాంకు, సగం ఫండింగ్? పేరు తెలియని యూనివర్సిటీ, ఫుల్ ఫండింగ్? తొమ్మిది రోజుల్లో తేల్చుకోవాలి

నీలిసిరా
మెటీరియల్స్ సైన్స్‌లో పీహెచ్‌డీకి అమెరికా నుంచి రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి ర్యాంకుల్లో చాలా పైనున్న యూనివర్సిటీ. ట్యూషన్‌లో సగం మాఫీ, తొమ్మిది నెలల స్టైపెండ్, అదీ మొదటి ఏడాదికే. ఆ తర్వాత ‘నిధుల లభ్యతను బట్టి’ అని రాశారు. రెండోదాని పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు. అక్కడ ఐదేళ్లూ ట్యూషన్ మొత్తం మాఫీ, ఏడాదికి పన్నెండు నెలల స్టైపెండ్, ఆరోగ్య బీమా కూడా వాళ్లే కడతారు. నా టాపిక్ మీద పెద్ద చోట నలుగురు ప్రొఫెసర్లున్నారు, చిన్న చోట ఒక్కరే. ఏప్రిల్ 15 లోపు చెప్పాలి. నాలుగు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. మీరైతే ఏం చేశారు? చిన్న యూనివర్సిటీలో చదివినవాళ్లకి తర్వాత పోస్ట్‌డాక్‌లు ఎలా దొరికాయి?

దూరపుకొండ
ఆలోచించకుండా పెద్దదానికి వెళ్లిపోండి. నేనూ లోన్ తీసుకుని ర్యాంకు ఉన్న చోటికే వెళ్లాను. రెండేళ్లలో డిగ్రీ, చివరి సెమిస్టర్‌లోనే ఉద్యోగం, మూడేళ్లలో లోన్ తీరిపోయింది. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు ర్యాంకు చూసే వస్తాయి.

మూడోడ్రాఫ్ట్
అన్నా, మీరు చెప్పేది ఎంఎస్ సంగతి. తను అడుగుతున్నది పీహెచ్‌డీ. రెండేళ్ల అప్పు వేరు, ఐదారేళ్లు ఏటా వచ్చే ఏడాది డబ్బులెక్కడివా అని చూసుకోవడం వేరు.

దూరపుకొండ
ఏదైతేనేం, ర్యాంకు ర్యాంకే కదా. ఖర్చు తక్కువ పడితే పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు.

మూడోడ్రాఫ్ట్
స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే చేయనిస్తారు. టీచింగ్ అసిస్టెంట్, అంటే టీఏ పని కూడా అందులోకే వస్తుంది. మొదటి ఏడాది క్యాంపస్ బయట ఉద్యోగం కుదరదు. దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి, నమ్మి వెళ్లినవాళ్లు ఇరుక్కుంటారు.

ల్యాబ్‌కోటు
‘ఒక్కరే ప్రొఫెసర్’ అన్న చోట నేను ఆగిపోయాను. నాదీ అచ్చం ఇదే కథ. ఫుల్ ఫండింగ్ అని సంతోషంగా వెళ్లాను. రెండో ఏడాది చివర్లో మా ప్రొఫెసర్ వేరే యూనివర్సిటీకి మారిపోయారు. డిపార్ట్‌మెంట్ మాట తప్పలేదు, స్టైపెండ్ ఒక్క నెల కూడా ఆగలేదు. కానీ నా పని తెలిసిన మనిషి ఆ బిల్డింగులో ఇంకొకరు లేరు. ఆయన తెప్పించిన ఫర్నేస్‌ని ప్లాస్టిక్ షీట్ చుట్టి ట్రక్కు ఎక్కిస్తుంటే నేను పక్కనే నిలబడి చూశాను. కొత్త టాపిక్‌తో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఏడేళ్లు పట్టింది. డబ్బు ఉంది కదా అని మాత్రం వెళ్లకండి.

వానచినుకు
నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. పెద్ద చోట నలుగురున్నా ఆ ఏడాది కొత్త విద్యార్థిని తీసుకునేది ఎందరు? నేను చేరాక తెలిసింది, మా చోట ఐదుగురిలో ఇద్దరి దగ్గర గ్రాంట్ అయిపోయింది, ఒకరు సబాటికల్ సెలవులో ఉన్నారు. వెబ్‌సైట్‌లో ఫోటోలు లెక్కపెట్టుకుని వెళ్లకూడదు.

ల్యాబ్‌కోటు
అది నిజమే, కాదనను. కానీ ఐదుగురిలో ఇద్దరు మిగిలినా, ఒక్కరే ఉన్నచోటి కంటే నయం.

కమిటీగది
ఆరేళ్లు అడ్మిషన్ల కమిటీలో కూర్చున్నాను, ఇలాంటి లెటర్లు వందల్లో చూశాను. నీలిసిరా గారూ, ర్యాంకు సంగతి తర్వాత చూద్దాం. లెటర్‌లో ఎక్కడైనా ‘శాతం అపాయింట్‌మెంట్’ అని ఉందేమో చూసి చెప్పండి. సగం మాఫీ అని మీరంటున్నది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి.

నీలిసిరా
ఉందండి. ‘25 శాతం టీచింగ్ అపాయింట్‌మెంట్, వారానికి 10 గంటలు’ అని ఉంది. దాని కిందే ట్యూషన్ సగం మాఫీ అని రాశారు. నేనది అంతగా పట్టించుకోలేదు.

కమిటీగది
అసలు విషయం అక్కడే ఉంది. అమెరికాలో మామూలు టీఏ అంటే వారానికి 20 గంటలు, దాన్ని 50 శాతం అపాయింట్‌మెంట్ అంటారు. ఆ 50 చూసి సగం ఫండింగే అనుకుని ఏడ్చినవాళ్లూ ఉన్నారు, నిజానికి అది పూర్తి ఫండింగ్. మీది 25, అంటే దాంట్లో సగం. చాలా యూనివర్సిటీల్లో ట్యూషన్ మాఫీ ఈ శాతాన్ని బట్టే వస్తుంది. కొన్నిచోట్ల 25కే మొత్తం మాఫీ చేస్తారు, మీ దగ్గర సగమే అన్నట్టుంది. కాబట్టి వాళ్లని అడగాల్సింది ‘ఇంకాస్త స్కాలర్‌షిప్’ కాదు. అపాయింట్‌మెంట్‌ని 25 నుంచి 50కి పెంచగలరా అని అడగండి. అది పెరిగితే స్టైపెండ్ రెట్టింపు అవుతుంది, మాఫీ దానంతటదే నిండుతుంది.

గుండెదడ
అడగొద్దు! అడిగితే ఆఫరే పోతుంది. మా ఫ్రెండ్‌కి అలాగే పోయింది. ఇంకో యూనివర్సిటీ లెటర్ చూపించి బేరమాడాడని వెనక్కి తీసుకున్నారు.

కమిటీగది
మర్యాదగా అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఏప్రిల్ మొదటి వారాల్లో అందరూ అడుగుతారు, అది మాకు అలవాటే.

గుండెదడ
మీరు చూడలేదని జరగలేదంటే ఎలా? కళ్లముందు జరిగింది. మీరు కమిటీలో కూర్చున్నారు, వాడు లెటర్ పోగొట్టుకుని ఏడాది ఖాళీగా కూర్చున్నాడు. అటువైపు కూర్చున్నవాళ్లకి ఇటువైపు భయం అర్థం కాదు.

వానచినుకు
గుండెదడ గారూ, ఆ మెయిల్‌లో ఏం రాశాడో తెలుసా? నిజంగానే అడుగుతున్నా.

గుండెదడ
పూర్తి ఫండింగ్ ఇవ్వకపోతే మీ ఆఫర్‌ని ఒప్పుకోలేను అని రాశాడు. అందులో తప్పేముంది?

కమిటీగది
తప్పు అక్కడే జరిగింది. ఆ వాక్యాన్ని ఆఫీసులో ‘ఆఫర్ వద్దన్నాడు’ అని చదివి ఉంటారు. వెయిటింగ్ లిస్టులో ఇంకొకరు ఎదురుచూస్తుంటారు, ఆ సీటు వాళ్లకి వెళ్లిపోతుంది. బేరమాడినందుకు కాదు, వదులుకున్నట్టు రాసినందుకు పోయింది.

గుండెదడ
పిల్లవాడు కంగారులో రాసిన ఒక్క వాక్యానికి అలా చేయడం మాత్రం న్యాయం కాదు. ఒక ఫోన్ చేసి కనుక్కోవచ్చు కదా.

కమిటీగది
చేయాల్సిందే. ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవిస్తాను.

నీలిసిరా గారూ, మెయిల్ ప్రొఫెసర్‌కి కాదు, డిపార్ట్‌మెంట్ గ్రాడ్యుయేట్ డైరెక్టర్‌కి పంపండి. టీఏ సీట్లు ఆయన చేతిలో ఉంటాయి. మీ దగ్గరికి రావాలని ఉంది, ఐదేళ్ల పూర్తి ఆఫర్ ఇంకొకటి ఉంది, మొదటి రెండేళ్లకి 50 శాతం అపాయింట్‌మెంట్ వీలవుతుందా అని నాలుగు వాక్యాల్లో రాయండి. చివర్లో ‘అప్పటిదాకా మీ ఆఫర్ నా పరిశీలనలోనే ఉంది’ అన్నమాట తప్పకుండా ఉండాలి. ఇవాళే పంపండి. కాదన్నవాళ్ల సీట్లు ఈ రోజుల్లోనే ఖాళీ అవుతాయి.

దూరపుకొండ
నాకైతే పది రోజులే గడువిచ్చారు, మార్చిలోనే డబ్బు కట్టించుకున్నారు. ఈ ఏప్రిల్ 15 అనేది అందరికీ ఉంటుందా?

మూడోడ్రాఫ్ట్
అందరికీ లేదు. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానం మీద సంతకం చేసిన యూనివర్సిటీలకే, అదీ ఫండింగ్‌తో వచ్చిన ఆఫర్లకే. ఆ తేదీకి ముందే జవాబు చెప్పమని ఒత్తిడి పెట్టకూడదు. మీది ఫండింగ్ లేని ఎంఎస్ అడ్మిషన్ కాబట్టి వర్తించదు.

పైసాలెక్క
ఇంతమంది మాట్లాడారు, లెక్క ఎవరూ వేయలేదు. నీలిసిరా, పెద్ద చోట మీరు కట్టాల్సిన సగం ట్యూషన్ ఎన్ని నెలల స్టైపెండ్‌తో సమానం? మాఫీలోకి రాని ఫీజులెంత? గది అద్దె ఎంత?

నీలిసిరా
ఇప్పుడే చూశాను. సగం ట్యూషన్ దాదాపు ఎనిమిది నెలల స్టైపెండ్. స్టూడెంట్ ఫీజులు, బీమా కలిపి ఇంకో నెల. ఇంకొకరితో కలిసి ఉన్నా అద్దె నెల స్టైపెండ్‌లో ముప్పాతిక అవుతుంది.

పైసాలెక్క
అంటే వచ్చేది తొమ్మిది, పోయేది ఎనిమిదీ ఒకటీ తొమ్మిది. పన్నెండు నెలలు బతకడానికి చేతిలో సున్నా. అద్దె ఒక్కటే ఏడాదికి తొమ్మిది నెలల స్టైపెండ్ అవుతుంది, అది ఇంటి నుంచి రావాలి. పైగా ఆ లోటుకి బ్యాంకు కాగితాలు చూపిస్తేనే వీసాకి కావాల్సిన ఐ-20 ఫారం ఇస్తారు.

అదే 50 శాతం చేస్తే ఇప్పటి కొలతలో పద్దెనిమిది వస్తాయి. ట్యూషన్ లేదు, ఫీజులకి ఒకటి పోతే పదిహేడు. అద్దెకి తొమ్మిది తీసేస్తే మిగతా అన్నిటికీ ఎనిమిది. గట్టిగా పట్టుకుంటే ఏడాది గడుస్తుంది. వేసవి మూడు నెలలకి మాత్రం ముందే దాచుకోవాలి.

ల్యాబ్‌కోటు
ఈ లెక్క మొదటి రెండేళ్లకే. కోర్సులు అయిపోయి, రీసెర్చ్ మాత్రమే మిగిలే క్యాండిడసీ దశ వచ్చాక చాలా చోట్ల తీసుకోవాల్సిన క్రెడిట్లు తగ్గుతాయి, దాంతో ట్యూషన్ భారమూ తగ్గుతుంది. అప్పటికి ప్రొఫెసర్ గ్రాంట్ నుంచి రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ కూడా రావచ్చు.

వానచినుకు
‘రావచ్చు’ అన్న మాట మీదే నేను రెండేళ్లు గడిపాను. మొదటి సెమిస్టర్ సగం ఫండింగ్, రెండో సెమిస్టర్ వేరే డిపార్ట్‌మెంట్‌లో టీఏ దొరికింది. అది నా సబ్జెక్టే కాదు. అర్ధరాత్రి దాకా వాళ్ల పేపర్లు దిద్దేదాన్ని. క్వాలిఫయింగ్ పరీక్ష మొదటిసారి తప్పాను. ఆ పరీక్ష రోజు కూడా నా సంచిలో దిద్దాల్సిన కట్ట ఉంది. చివరికి పూర్తి చేశాను, మంచి పోస్ట్‌డాక్ కూడా వచ్చింది. అయినా ఆ రెండేళ్లు ఎవరికీ వద్దు.

దూరపుకొండ
చూశారా, చివరికి ర్యాంకు వల్లే కదా పోస్ట్‌డాక్ వచ్చింది!

వానచినుకు
కాదు. మా గైడ్ స్వయంగా ఫోన్ చేసి మాట్లాడితే వచ్చింది. నా పని చదివిన మనిషి అవతల ఉన్నారు కాబట్టి వచ్చింది. యూనివర్సిటీ ర్యాంకు గురించి నన్నెవరూ అడగలేదు.

నీలిసిరా
అందరికీ థాంక్స్. మెయిల్ పంపిన మూడో రోజు జవాబొచ్చింది. మొదటి ఏడాది రెండు సెమిస్టర్లకీ 50 శాతం, ట్యూషన్ మొత్తం మాఫీ. కొత్త లెటర్ కూడా పంపారు. రెండో ఏడాది గురించి ఫోన్‌లో ‘సాధారణంగా దొరుకుతుంది’ అన్నారు.

కమిటీగది
ఫోన్‌లో అన్నది లెక్కలోకి రాదు. గత మూడేళ్లలో రెండో ఏడాది విద్యార్థుల్లో ఎందరికి 50 శాతం దొరికిందో అడగండి. దీనికి సూటిగా జవాబు రాకపోతే అది కూడా ఒక జవాబే. ఆ నలుగురికీ విడివిడిగా రాసి, ఈ ఏడాది విద్యార్థిని తీసుకుంటున్నారా అని కూడా కనుక్కోండి.

ల్యాబ్‌కోటు
చిన్నచోట ఉన్న ఆ ఒక్క ప్రొఫెసర్ విద్యార్థులతో మాట్లాడారా? ఆయన అక్కడికి వచ్చి ఎన్నేళ్లయింది?

నీలిసిరా
ముగ్గురికి రాశాను, ఇద్దరు జవాబిచ్చారు. ఆయన అక్కడ పదకొండేళ్లుగా ఉన్నారట. నాలుగో ఏడాది అమ్మాయి మెయిల్‌లో అన్నీ రాయలేనని, రేపు సాయంత్రం ఫోన్ చేస్తానని చెప్పింది. ఇంకా ఐదు రోజులుంది. ఆమెతో మాట్లాడాక మళ్లీ రాస్తాను.

గుండెదడ
అన్నీ రాయలేనంది అంటే ఏదో ఉన్నట్టే. జాగ్రత్తగా విను తల్లీ, కంగారులో ఎవరికీ ఏ వాక్యమూ రాసెయ్యకు.