అప్‌డేట్: డీయాక్టివేట్ చేసినా మెసెంజర్‌లో ఎందుకు కనిపించానంటే

నా ప్రశ్న: ఫేస్‌బుక్ డీయాక్టివేట్ చేశాను, అయినా గుంటూరు అక్క పెట్టే మెసేజ్‌లు నాకు వస్తున్నాయి, ఎందుకు?

కారణం దొరికింది. డీయాక్టివేట్ చేసేటప్పుడు మెసెంజర్ వాడుకునే ఆప్షన్‌ని అలాగే వదిలేశాను. ప్రొఫైల్ దాగింది అంతే, ఫొటోలు, పోస్టులు అన్నీ ఫేస్‌బుక్ దగ్గరే ఉన్నాయి, మళ్లీ లాగిన్ అయితే తిరిగొస్తాయి.

అందుకే నిన్న అమ్మ ఫొటోలన్నీ డౌన్‌లోడ్ చేసుకుని, Accounts Centerలో డిలీట్ ఇచ్చాను. 30 రోజుల్లోపు లాగిన్ అయి రద్దు చేసుకోవచ్చు, ఆ తర్వాత తిరిగి రాదు, డేటా పూర్తిగా చెరిగిపోవడానికి 90 రోజుల దాకా పట్టొచ్చు.

బాధేంటంటే, అక్కకి పంపిన మెసేజ్‌లు మాత్రం ఆమె ఇన్‌బాక్స్‌లో ఉండిపోతాయి. వద్దనుకున్నవి ఖాతా ఉండగానే అన్‌సెండ్ చేసుకోవాల్సింది.