అప్‌డేట్: ప్లాస్టరింగ్ సిమెంటు ఎందుకు చాలలేదో తెలిసింది

నా ప్రశ్న: దేవరకొండ సైట్‌లో 1:6 ప్లాస్టరింగ్‌కు 40 బస్తాల సిమెంటు లెక్క వేశాను. ఐదింట నాలుగు వంతుల గోడలకే అది అయిపోయింది. కారణం ఏమిటి?

పూత మందం ఎక్కువైందేమోనని ముందు గోడల్లో చాలా చోట్ల కొలిచి చూశాను. అది అంచనా వేసినట్లే 12 మిల్లీమీటర్లు ఉంది. అప్పుడు మా పెద్ద మేస్త్రి వానకు తడిసిన ఇసుక కుప్పలోంచి పిడికెడు తీసి, "ఇది ఉబ్బింది సారూ, పెట్టెల మనం గాలిని గూడ కొలుస్తున్నం" అన్నారు.

నిటారు గోడలున్న గాజు పాత్రలో ఆ ఇసుకను 200 మిల్లీమీటర్ల ఎత్తు వరకు వదులుగా పోసి, అది పూర్తిగా మునిగేలా నీళ్లు పోసి కలిపి, కదలకుండా ఉంచితే, ఇసుక 160 మిల్లీమీటర్లకు దిగింది. అంటే ఉబ్బు 25 శాతం. రేణువుల చుట్టూ పట్టిన పలుచని నీటి పొర వాటిని ఎడంగా నిలుపుతుంది. నీరు నిండితే ఆ పట్టు పోయి ఇసుక మళ్లీ కుదురుకుంటుంది.

బస్తాకు మేము పోసిన 6 పెట్టెల్లో నిజమైన ఇసుక 4.8 పెట్టెలే కాబట్టి, ప్రతి కలుపులోనూ మాలు తగ్గి, సిమెంటు పాలు పెరిగింది. గోడ దీనివల్ల బలహీనపడదు గానీ, సిమెంటు ఎక్కువైన పూతకు నెర్రెలు వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే తడుపు శ్రద్ధగా చేయిస్తున్నాను.

తడి ఇసుకను ఏడున్నర పెట్టెలకు పెంచాక మిగిలిన గోడలకు 8 బస్తాలు సరిపోయాయి. ఇసుక ఆరితే ఉబ్బు మారుతుంది కనుక రోజూ ఉదయం పాత్రలో చూసే కొలత నిర్ణయిస్తున్నాం.