పది లక్షల రూపాయల షేర్లకు పది రోజుల వీఏఆర్: 92 వేలా, లక్షా పదివేలా?

కావలి మదుపరి: రొయ్యల మేత కంపెనీ షేర్లలో 6 లక్షలు, బ్యాంకు షేర్లలో 4 లక్షలు పెట్టాను. ఏడాది రోజువారీ మార్పులు తీసుకుంటే ప్రామాణిక విచలనం మేత కంపెనీకి 2.5 శాతం, బ్యాంకుకు 1.5 శాతం వచ్చింది. రెండింటి సహసంబంధం 0.3. 95 శాతం నమ్మకంతో పది రోజుల వీఏఆర్, అంటే పది రోజుల్లో నష్టం దాటదని చెప్పగలిగే హద్దు, నాకు 1.10 లక్షలు తేలింది, మా మిత్రుడికి 92 వేలు. ఏది సరైనది?

ఒంగోలు లెక్కలు: మీ మిత్రుడిదే. మీరు 1.96తో గుణించి ఉంటారు. అది లాభం, నష్టం రెండు వైపులా 2.5 శాతం చొప్పున వదిలే అంకె. మనకు నష్టం వైపు 5 శాతమే కావాలి కాబట్టి 1.645 వాడాలి. రూపాయల్లో మేత కంపెనీ ఊగిసలాట రోజుకు 15,000, బ్యాంకుది 6,000.

```
√(15000² + 6000² + 2×0.3×15000×6000) ≈ 17,748
17,748 × 1.645 × √10 ≈ 92,300
```

కందుకూరు మాస్టారు: పది రోజులంటే పదితో గుణించాలి కదా? 2.92 లక్షలు రావాలి.

ఒంగోలు లెక్కలు: లేదు మాస్టారూ. ఒక రోజు పడితే మరో రోజు లేస్తుంది, కొంత కొట్టుకుపోతుంది. అందుకే √10. కానీ నిన్నటి మార్పుతో నేటి మార్పుకు సంబంధం లేనప్పుడే ఇది చెల్లుతుంది. మీ అనుమానంలో నిజం ఉన్నది అక్కడే. రోజుకు 5 శాతం పరిమితి ఉన్న చిన్న షేరు వరుసగా ఐదు రోజులు లోయర్ సర్క్యూట్, అంటే ఆ రోజు పడగలిగిన అట్టడుగు ధర, తాకితే కొనేవాళ్లుండరు, అమ్మలేం. 6 లక్షల్లో 1.35 లక్షలకు పైగా పోతుంది. 92 వేల హద్దు అప్పుడు అక్కరకు రాదు.

గూడూరు రైతు: మా బ్రోకరు యాప్‌లో వీఏఆర్ మార్జిన్ అని ఉంటుంది. ఇదేనా?

ఒంగోలు లెక్కలు: కాదండీ. అది ఎక్స్ఛేంజి ఒక్కో షేరుకు విడిగా లెక్కగట్టి వసూలు చేసే పూచీ సొమ్ము. మీ షేర్లన్నీ కలిపి ఎంత కదులుతాయో అది చెప్పదు.

కావలి మదుపరి: అయితే 92 వేలు దాటే నష్టం ఎంత తరచుగా వస్తుంది?

ఒంగోలు లెక్కలు: ఏడాదిలో సుమారు 250 ట్రేడింగు రోజులు, అంటే 25 పది రోజుల విడతలు. లెక్క సరిగ్గా ఉన్నా ఒకటి రెండు సార్లు దాటుతుంది. ఎంత దాటుతుందో మాత్రం వీఏఆర్ చెప్పదు. మూడు నాలుగు సార్లు దాటిందంటే మీ విచలనాన్ని అనుమానించండి.

నెల్లూరు ఆక్వా: 2025 ఆగస్టు 27న మన సరుకులపై అమెరికా అదనపు సుంకం 50 శాతమైనప్పటి ఊపు ఏడాది లెక్కలో మామూలు రోజుల మధ్య పలచబడుతుంది. నేను ఇటీవలి రోజులకు ఎక్కువ బరువిస్తాను, ఒక్కో రోజు వెనక్కి వెళ్లేకొద్దీ బరువును 0.94తో గుణించి తగ్గిస్తాను.

ఒంగోలు లెక్కలు: అలా చేస్తే నాలుగు ప్రశాంతమైన వారాలకే వీఏఆర్ బాగా తగ్గి, ధైర్యం పెరిగి ఇంకా కొంటాం. మేత కంపెనీ షేరుకు నేను ఏడాది కాలమే ఉంచుతాను.

నెల్లూరు ఆక్వా: నాకు ఒప్పుదల లేదు. సుంకం వార్త వచ్చిన మర్నాడే నా అంకె పెరుగుతుంది, మీది నెమ్మదిగా కదులుతుంది.