న్యూజిలాండ్ కథ ఒక్కటే రెండు సిద్ధాంతాలకూ రాయొచ్చా?

పర్లాకిమిడి కుర్రాడు
ఎమ్మేలో కంపేరటివ్ పాలిటిక్స్. రాజకీయాల్లో నియమాలూ వ్యవస్థలూ ఎలా పుడతాయో, ఎలా మారతాయో చెప్పే రెండు సిద్ధాంతాలు, రేషనల్ చాయిస్ ఇన్‌స్టిట్యూషనలిజానికీ, హిస్టారికల్ ఇన్‌స్టిట్యూషనలిజానికీ తేడా రాయమన్నారు, 15 మార్కులు. "మొదటిది మనుషుల లాభనష్టాల లెక్క చూస్తుంది, రెండోది చరిత్ర చూస్తుంది" అని రాస్తే 6 వేశారు. ఎక్కడ తప్పింది?

రాయగడ అక్క
నువ్వు రాసింది తప్పేం కాదు తమ్ముడూ, ఉదాహరణలు లేక మార్కులు పోయుంటాయి. మొదటిదానికి ఈ కాలంది ఒకటి, రెండోదానికి పాత కాలంది ఒకటి ఇవ్వు. ఈ సిద్ధాంతాలను పోల్చిన హాల్, టేలర్ 1996 వ్యాసం పేరెత్తు. నేనలాగే గట్టెక్కాను.

గుణుపురం మాస్టారు
గట్టెక్కడం వేరమ్మా. పాత కాలం ఉదాహరణ పెట్టగానే అది హిస్టారికల్ అయిపోదు. 1688 తర్వాత ఇంగ్లండ్ రాజు అప్పులు ఎగ్గొట్టకుండా పార్లమెంటు ఎలా కట్టడి చేసిందో నార్త్, వైన్‌గాస్ట్ 1989లో రాశారు. మూడు వందల ఏళ్ల నాటి సంగతి, అయినా అందులో నడిచేది లాభనష్టాల లెక్కే, పక్కా రేషనల్ చాయిస్.

బాబూ, రెండు ఉదాహరణలు వద్దు. ఒకే కథను రెండు రకాలుగా చెప్పు, తేడా అక్కడ బయటపడుతుంది. న్యూజిలాండ్ తీసుకో. అప్పట్లో మనలాగే వాళ్లదీ ఎక్కువ ఓట్లొచ్చినవాడే గెలిచే పద్ధతి. 1978లో, 1981లో లేబర్ పార్టీకి ఓట్లు ఎక్కువొచ్చినా సీట్లు నేషనల్ పార్టీకే ఎక్కువొచ్చాయి. 1981లో సోషల్ క్రెడిట్ అనే మూడో పార్టీకి దాదాపు 21 శాతం ఓట్లు పడితే దక్కినవి రెండే సీట్లు. అధికారంలోకి వచ్చిన లేబర్ ఒక కమిషన్ వేసింది, అది 1986లో ఓట్ల శాతాన్ని బట్టి సీట్లిచ్చే దామాషా పద్ధతికి మారమంది. రెండు పెద్ద పార్టీల నాయకత్వాలకూ అది మింగుడు పడలేదు. అయినా 1993 రెఫరెండంలో దాదాపు 54 శాతం మంది మార్పుకే ఓటేశారు. పాత పద్ధతితో బాగుపడ్డ పార్టీలే దాన్ని ఎలా పోగొట్టుకున్నాయి?

రేషనల్ చాయిస్ వాళ్లు ఆటగాళ్లను లెక్కపెడతారు. జనానికి కోపంగా ఉంది, రెఫరెండం పెడతామంటే నాలుగు ఓట్లొస్తాయి, మార్పు నిజంగా వస్తుందన్న భయం తక్కువ. 1987 టీవీ చర్చలో లేబర్ ప్రధాని లాంగే రెఫరెండం పెడతానని మాటిచ్చాడు (నోట్స్ తప్పుగా చదివాడనే అంటారు), నిలబెట్టుకోలేదు. 1990లో నేషనల్ అదే మాట ఎత్తుకుంది. ఎవరి లెక్క వాళ్లకు సరిగ్గానే ఉంది.

హిస్టారికల్ వాళ్లు ఒక్క అడుగు వెనక్కి వెళ్తారు. జనానికి ఆ కోపం ఎందుకొచ్చింది? ఎగువసభను 1950లోనే రద్దు చేశారు. ఒకే సభ, ఒకే పార్టీ మంత్రివర్గం, అడ్డు చెప్పేవాడు లేడు. అందుకే 1984 నుంచి లేబర్, 1990 తర్వాత నేషనల్, ఎన్నికల్లో చెప్పని ఆర్థిక మార్పులు ఎడాపెడా చేసేశాయి. పాత పద్ధతే తన మీద కోపాన్ని తయారు చేసుకుంది. మొదటివాళ్లు ఆ కోపాన్ని ఉన్నదిగా తీసుకుని లెక్క మొదలుపెడతారు, రెండోవాళ్లు ఆ కోపాన్నే వివరించాలంటారు. నీ జవాబులో ఈ మాట లేదు.

సిరొంచ వైపు
అంత దూరం ఎందుకు మాస్టారూ, మా ఊరి సంత చాలదా? గోదావరి మీద వంతెన పడ్డాక సరుకంతా అవతలి ఒడ్డు నుంచి వేరే రోజు వస్తోంది. సంత మాత్రం మా తాతల నాటి రోజునే. మిర్చి వ్యాపారి ముందురోజే వచ్చి బస్తాల మీదే పడుకుంటాడు. ఇది హిస్టారికలే కదా?

రాయగడ అక్క
ఎందుకు? అతనొక్కడూ రోజు మారిస్తే కొనేవాళ్లు దొరకరు, అందుకే మారడు. ఇది లెక్కే! మాస్టారూ, ఇప్పుడేమంటారు?

గుణుపురం మాస్టారు
ఒప్పుకున్నాను. ఆ రోజు ఎందుకు నిలబడిందో లెక్క చెబుతుంది. ముందు ఆ రోజే ఎలా పడిందో లెక్క చెప్పదు, ఎందుకంటే ఏ రోజైనా అలాగే నిలబడేది. అయితే పియర్సన్ లాంటి హిస్టారికల్ వాళ్లు కూడా "ఒకసారి పడ్డ దారిలో వెళ్లే కొద్దీ మారడానికి ఖర్చు పెరుగుతుంది" అనే అంటారు, అక్కడ గీత పలచబడుతుంది. సంతను పరీక్షలో రాస్తే దిద్దేవాడు ఏ పెట్టెలో వేస్తాడో చెప్పలేను.

సిరొంచ వైపు
అంటే మా సంత సిలబస్‌లో లేదన్నమాట.

పర్లాకిమిడి కుర్రాడు
మాస్టారూ, ఒక అనుమానం. జనం కోపం కూడా లెక్కేనని, పన్నులూ ఉద్యోగాలూ చూసుకునే ఓటేశారని రేషనల్ చాయిస్ వాళ్లు అంటే?

గుణుపురం మాస్టారు
అంటారు. అయినా పన్ను తగ్గిస్తే తీరే కోపానికి ఓటింగ్ పద్ధతినే మార్చడం ఎందుకని ఎదురడుగు. జవాబు నాకూ పూర్తిగా నచ్చలేదు. నువ్వు ఆ ప్రశ్న రాసి ఒక పక్షం తీసుకో, పక్షమేదైనా పర్లేదు. 1950 సంగతి మాత్రం చివర్లో ఇరికించకు, హిస్టారికల్ భాగం దాంతోనే మొదలుపెట్టు.