తాడు దాటి వచ్చిన వ్యక్తిపై కుండీ పడితే పరిహారం తగ్గుతుందా?

ఢిల్లీ చాందినీ చౌక్ గడియార స్తంభం కూలిన కేసులో, అది మునిసిపల్ కార్పొరేషన్ అధీనంలోనే ఉన్నందున, సరిగా చూసుకునే కట్టడం ఊరికే కూలదు గనుక, సుప్రీంకోర్టు 1966లో ‘రెస్ ఇప్సా లోక్విటర్’, అంటే జరిగిన సంగతే సాక్ష్యం పలుకుతుందనే సూత్రాన్ని వర్తింపజేసింది. అంతవరకు అర్థమైంది.

నా చిక్కు వేరు. మేడపై కుండీలు మారుస్తూ యజమాని కింద అడ్డంగా తాడు కట్టించగా, ఒకరు ఫోన్ చూసుకుంటూ దాన్ని దాటి వచ్చి దెబ్బ తిన్నారనుకుందాం. బాధితుడి సొంత నిర్లక్ష్యం కూడా ప్రమాదానికి తోడైందనే కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్‌ను రుజువు చేయవలసింది యజమానే కదా? అది రుజువైతే యజమాని నిర్లక్ష్యంపై ఊహ పూర్తిగా తొలగుతుందా, లేక బాధితుడి తప్పు 30 శాతమని తేలితే లక్ష రూపాయల పరిహారం 70,000కు తగ్గుతుందా? తాడే లేకపోతే, ఫోన్ చూడటం ఒక్కటే తప్పవుతుందా? ఎవరూ ఆకాశం చూస్తూ నడవరు గనుక కాదనే నా అభిప్రాయం. తెలిసినవారు దయచేసి వివరించగలరు.